మోడెమ్ లాగిన్ కావట్లేదా? ముందు ఆ పిన్ను పక్కన పెట్టండి

బ్రాడ్‌బ్యాండ్ లైన్లు బాగుచేయడం నా పని. ఫోన్ ఎత్తగానే సగంసార్లు వినిపించేది ఒకటే మాట: “రీసెట్ కూడా కొట్టేశానండీ, అయినా రావట్లేదు.” కొట్టాక ఫోన్ చేస్తారు. అదే నా బాధ.

అపోహ: లాగిన్ ఫెయిల్ అయితే మోడెమ్‌ని రీసెట్ చేస్తే సరి.

స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు. వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి కాసేపు నొక్కి పట్టుకోవడం వేరు. మొదటిది ఏమీ చెరపదు. రెండోది కంపెనీ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, మీ లైనుకి కంపెనీ ఇచ్చే వీలాన్ నంబరు అన్నీ తుడిచేస్తుంది. కొన్ని కంపెనీలు తామిచ్చిన మోడెమ్‌కి ఆ సెట్టింగులు మళ్లీ వాటంతటవే పంపుతాయి. మీరు సొంతంగా కొన్న రూటర్‌కి మాత్రం ఆ సాయం అందదు. అప్పటిదాకా ఒక తప్పే ఉంటే, రీసెట్‌తో అది రెండు మూడు తప్పులవుతుంది.

పిన్ను తీసే ముందు బ్రౌజర్‌లో మోడెమ్ పేజీ తెరిచి, అది రాసుకునే చిట్టా, అంటే సిస్టమ్ లాగ్ చూడండి. మాటలు మోడెమ్‌ని బట్టి కొంచెం మారతాయి కానీ, దాదాపు ఈ రెండింట్లో ఒకటి కనిపిస్తుంది:

```
Timeout waiting for PADO packets
CHAP authentication failed
```

ఈ రెండూ ఒకటి కావు. మోడెమ్ ముందు “సర్వర్ ఎవరైనా ఉన్నారా?” అని లైన్లోకి కేకేస్తుంది. దానికి వచ్చే జవాబే PADO. జవాబు వచ్చాకే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూడటం మొదలవుతుంది. అలా సరిచూసే ఒక పద్ధతే CHAP. మొదటి లైను కనబడితే మీ పాస్‌వర్డ్‌ని ఇంకా ఎవరూ అడగనే లేదు. కేబుల్, సిగ్నల్, వీలాన్ చూసుకోవాలి. రెండో లైను కనబడితే సర్వర్ పలికి, వద్దని తిప్పి పంపిందన్నమాట. అంటే లైనూ వీలానూ పనిచేస్తున్నట్టే, వాటి జోలికి పోకండి.

ఈమధ్య ఒక మాస్టారు పిలిచారు. మర్నాడు ఆన్‌లైన్ క్లాసు ఉంది, మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నారు. అప్పటికే మూడుసార్లు రీసెట్ చేశారు. లాగ్‌లో PADO టైమవుట్ ఉంది. అదృష్టం కొద్దీ ఉదయమే స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకున్నారు. అందులో ఉన్నది CHAP ఫెయిల్! అంటే ఉదయం వీలాన్ బాగానే ఉంది, రీసెట్‌తో పోయింది. పైగా ఏదో వీడియో చూసి అక్కడ 10 అని వేశారు. ఆయన కనెక్షన్ కాగితం మీద ఉన్నది 100. నంబరు మార్చి, యూజర్‌నేమ్ మళ్లీ టైప్ చేస్తే ఉదయపు ఎర్రరే తిరిగొచ్చింది. ఆయన నీరుగారిపోయారు గానీ, నాకు సంతోషమేసింది. రీసెట్ తెచ్చిపెట్టిన తప్పు పోయి, అసలుది మిగిలింది.

అపోహ: ఆథెంటికేషన్ ఫెయిల్ అంటే పాస్‌వర్డ్ తప్పు.

తప్పు కావచ్చు. కానీ ప్లాన్ గడువు తీరినా, అకౌంట్ ఆపేసినా చాలా సర్వర్లు అదే ముక్క చెబుతాయి. అసలు కారణం కంపెనీ సర్వర్ లాగ్‌లో ఉంటుంది, మీ మోడెమ్‌లో కాదు. (కొన్ని కంపెనీలు గడువు తీరినా లాగిన్ కానిచ్చి, కట్టండి అనే పేజీ ఒక్కటే చూపిస్తాయి. అది ఇంకో కథ.) మాస్టారు “నిన్ననే కట్టానండీ” అని రసీదు చూపించారు. నిజంగానే కట్టారు, కానీ పాత ఇంట్లో ఎప్పుడో మూసేసిన కనెక్షన్ నంబరుకి! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, “నెట్ రావట్లేదు” అనకుండా, “ఈ యూజర్‌నేమ్ యాక్టివ్‌గా ఉందా? మా లాగిన్ మీ సర్వర్ దాకా వస్తోందా? ఎందుకు తిప్పి పంపుతోంది?” అని అడిగించాను. ఆ డబ్బు సరైన నంబరుకి మార్చాక, మోడెమ్‌ని ముట్టుకోకుండానే లైటు పచ్చబడింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వైఫై పాస్‌వర్డ్, మోడెమ్ పేజీ తెరిచే పాస్‌వర్డ్, పీపీపీఓఈ పాస్‌వర్డ్ మూడూ వేరు. బ్రౌజర్ ఒక్కోసారి రెండోదాన్ని మూడోదాని గడిలో తనంతట తనే నింపేస్తుంది. చుక్కలే కాబట్టి మీకు తెలియదు. కన్ను గుర్తు నొక్కి చూడండి. యూజర్‌నేమ్‌లో @ తర్వాతి భాగం ఉంటే అదీ వేయాలి. వీలాన్ నంబరు పక్కింటివారిదో వీడియోలోదో పనికిరాదు, మీ కంపెనీ చెప్పిందే వేయాలి.

కరెంటు పోయి వచ్చిన వెంటనే ఫెయిల్ అయితే మాత్రం కంగారొద్దు. పాత సెషన్ సర్వర్‌లో ఇంకా తెరిచే ఉండి, ఒక్క లాగిన్‌కే అనుమతి ఉన్నచోట కొత్తదాన్ని రానివ్వదు. మోడెమ్ ఆపి ఓ పది నిమిషాలు ఆగి వేయండి. అప్పటికీ రాకపోతే, పాత సెషన్ తీసేయమని కస్టమర్ కేర్‌నే అడగండి.