మందు పనిచేసినా పరీక్షకు దొరకకపోతే

నల్గొండలో బీఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి స్టాటిస్టిక్స్ ప్రశ్నపత్రం ఫోటో తీసి పంపింది. "సార్, ఇందులో టైప్ వన్ పొరపాటు ఏది, టైప్ టూ ఏది, పవర్ ఎక్కడుంది? నాకు ప్రతిసారీ తారుమారవుతోంది" అని అడిగింది.

ఫోటోలోని లెక్క ఇది. చీటీలు తీసినట్టు ఎంపిక చేసి, బీపీ ఉన్న 50 మందికి కొత్త మందు, మరో 50 మందికి పాత మందు ఇచ్చారు. కొత్త మందు వాడినవాళ్లకు పై బీపీ సగటున 3 పాయింట్లు ఎక్కువ తగ్గింది. రెండు గుంపుల్లోనూ ప్రామాణిక విచలనం 12. పి విలువ, అంటే మందులకు తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం, 0.21 వచ్చింది, ముందే పెట్టుకున్న హద్దు 0.05. అందుకే "తేడా లేదు" అని తేల్చారు. నిజానికి ఈ మందు 5 పాయింట్లు అదనంగా తగ్గించగలదని ప్రశ్న చివర్లో ఉంది.

ముందు శూన్య పరికల్పనను కాగితం మీద రాసుకోవాలి: రెండు మందులకూ తేడా లేదు. అది నిజమైనా కొట్టేస్తే టైప్ వన్. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గితే తాయెత్తుకే పేరు ఇచ్చేయడం ఈ జాతి పొరపాటే. చాలా జ్వరాలు వాటంతటవే తగ్గుతాయి. శూన్య పరికల్పన అబద్ధమైనా దాన్ని కొట్టేయలేకపోతే టైప్ టూ. ఇక్కడ జరిగింది అదే. తేడా నిజంగానే ఉంది కాబట్టి ఈ ప్రశ్నలో టైప్ వన్‌కు అసలు చోటే లేదు. నాలుగు గడుల పట్టికను బట్టీ పట్టించే క్లాసుల్లో ఈ మాట చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే. గణాంక శాస్త్రవేత్తలు నేమన్, ఈగన్ పియర్సన్ 1933లో ఈ రెండు పొరపాట్లనూ విడదీసి చూపారు.

ఇక పవర్, అంటే నిజంగా ఉన్న తేడాను పరీక్ష పట్టుకునే అవకాశం. ఒక్కో గుంపులో 50 మంది ఉంటే, సగటుల తేడాకు ప్రామాణిక దోషం 12 × √(2/50), అంటే 2.4. దాన్ని 0.05 హద్దుకు సరిపోయే 1.96తో గుణిస్తే 4.7. అంటే తేడా కనీసం 4.7 పాయింట్లు కనిపిస్తేనే ఈ పరీక్ష "ఉంది" అంటుంది. మందు అసలు బలమే 5. ఒకే పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తే ఫలితాలు 5కి అటూ ఇటూ పడతాయి, అందులో 4.7 దాటేవి దాదాపు 55 శాతమే. అదే పవర్. మిగిలిన 45 శాతం టైప్ టూ అవకాశం. మంచి మందును పట్టుకునే అవకాశం బొమ్మా బొరుసా కన్నా కాస్త మెరుగు, అంతే!

"తేడా లేదు" అన్న తీర్పును నమ్మాలా వద్దా అన్నది 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే పరిధి, చూస్తే తెలుస్తుంది. 3కి అటూ ఇటూ 4.7 వేస్తే అది −1.7 నుంచి 7.7 వరకు. 5 దాని లోపలే ఉంది. కాబట్టి ఈ పరీక్ష మందును తోసిపుచ్చలేదు, తేల్చలేకపోయింది. గుంపుకు 100 మందిని తీసుకుంటే హద్దు 3.3కి దిగుతుంది, అదే 5 పాయింట్ల మందుకు పవర్ 84 శాతానికి చేరుతుంది.