సరైన చిరునామాలకే చందా ఎందుకు ఆగింది: మెయిల్‌మ్యాన్ బౌన్స్ లెక్క, డీమార్క్ తిరస్కరణ

2014 ఏప్రిల్ తొలి వారంలో యాహూ తన yahoo.com డొమైన్‌కు సంబంధించిన డీఎన్‌ఎస్ రికార్డులో డీమార్క్ అనే నకిలీ ఉత్తరాల నిరోధక పద్ధతికి చెందిన విధానాన్ని మార్చి, `p=reject` అని ప్రకటించింది. తన పేరుతో వచ్చే ఉత్తరం పరీక్షలో నిలవకపోతే దాన్ని తీసుకోవద్దని ఇతర సర్వర్లను కోరడమే దాని అర్థం. అదే నెలలో ఏఓఎల్ కూడా ఆ పనే చేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే మెయిలింగ్ లిస్టుల నిర్వాహకులకు అంతుపట్టని పరిణామం ఎదురైంది. యాహూతో ఏ సంబంధమూ లేని, మెయిల్ పెట్టెలు చక్కగా పనిచేస్తున్న చందాదారులకు, లిస్టులను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మెయిల్‌మ్యాన్ తనంతట తానే డెలివరీ ఆపేయసాగింది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే మెయిల్‌మ్యాన్‌కు బౌన్స్ అంటే ఏమిటో ముందు చూడాలి. ప్రతి ఈమెయిల్‌కూ రెండు పంపినవారి చిరునామాలు ఉంటాయి. ఒకటి పాఠకుడికి కనిపించే From వరుస. రెండోది సర్వర్లు మాత్రమే చూసే కవరు మీది చిరునామా. ఉత్తరం చేరకపోతే ఆ కబురు వెళ్లేది దానికే. లిస్టు సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ From వరుసను రచయిత పేరుతోనే ఉంచి, కవరు మీద మాత్రం తన సొంత చిరునామా వేసుకునేది. 1990లలో డి.జె. బెర్న్‌స్టైన్ ప్రచారంలోకి తెచ్చిన వెర్ప్ పద్ధతి ఈ కవరును మరింత పదునుపెట్టింది. ఆ పద్ధతిలో ఒక్కో చందాదారుడికి వెళ్లే కవరు చిరునామాలోనే అతని చిరునామా కూడా ఇలా ఇమిడి ఉంటుంది:

```
garden-bounces+ravi=example.net@lists.example.org
```

తిరిగొచ్చిన ఉత్తరంలో ఏమి రాసి ఉన్నా, అది ఎవరి పేర తిరిగొచ్చిందో ఈ చిరునామా చూస్తేనే తెలిసిపోతుంది. బౌన్స్ అయిందంటే ఆ పెట్టె మూతపడిందనో, నిండిపోయిందనో సాఫ్ట్‌వేర్ భావిస్తుంది. చాలా ఏళ్లపాటు ఆ భావన సరైనదే. మెయిల్‌మ్యాన్ 2.1 లెక్క దాని మీదనే నిలిచింది: బౌన్స్ వచ్చిన రోజుకు ఆ సభ్యుడి స్కోరు ఒకటి పెరుగుతుంది, ఒకే రోజు పది బౌన్సులు వచ్చినా ఒక్కటే లెక్క. స్కోరు 5కు చేరితే డెలివరీ ఆగుతుంది. ఆ తర్వాత వారానికొకటి చొప్పున మూడు హెచ్చరికలు వెళ్తాయి. సభ్యుడు స్పందించకపోతే పేరే తొలగిపోతుంది. చివరి బౌన్స్ తర్వాత 7 రోజులు ప్రశాంతంగా గడిస్తే పాత స్కోరును పక్కనపెట్టి కొత్తగా మొదలుపెడుతుంది. ఇవన్నీ నిర్వాహకుడు మార్చుకోగల డిఫాల్టు విలువలే.

డీమార్క్ వచ్చాక బౌన్స్‌కు మరో అర్థం చేరింది. బ్యాంకుల పేరుతో, చెల్లింపు సంస్థల పేరుతో వచ్చే నకిలీ ఉత్తరాలను ఆపడం దీని అసలు లక్ష్యం. 2012 జనవరిలో బయటి ప్రపంచానికి పరిచయమైన ఈ పద్ధతి 2015 మార్చిలో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 7489గా నమోదైంది. From వరుసలోని డొమైన్‌కూ, పంపే సర్వరుకు అనుమతి ఉందో లేదో చూసే ఎస్‌పీఎఫ్ లేదా ఉత్తరం మీది డిజిటల్ సంతకాన్ని చూసే డీకిమ్ రుజువు చేసే డొమైన్‌కూ పొత్తు కుదరాలని ఇది కోరుతుంది. రెండింటిలో ఒక్కటి కుదిరినా చాలు. లిస్టు ఉత్తరానికి ఆ ఒక్కటీ దక్కదు. ఎస్‌పీఎఫ్ కవరు చిరునామాను చూస్తుంది కనుక లిస్టు డొమైన్‌ను రుజువు చేస్తుందే తప్ప రచయిత డొమైన్‌ను కాదు. డీకిమ్ సంతకం ఉత్తరంలోని విషయానికి ముడిపడి ఉంటుంది కనుక, లిస్టు సబ్జెక్టు ముందు తన పేరు చేర్చి, అడుగున రెండు వరుసల ఫుటర్ అతికించగానే చెల్లకుండా పోతుంది. డీకిమ్‌కూ లిస్టులకూ ఉన్న ఈ చిక్కు 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6377లోనే రాసి ఉంది. కానీ పెద్ద ఉచిత మెయిల్ సేవలు, వ్యక్తులు వాడుకునే డొమైన్ల మీద ఇంత కఠినమైన విధానం పెట్టేదాకా ఆ చిక్కు ఇంత మందిని తాకలేదు.

ఒక లిస్టులో ఇది ఎలా సాగుతుందో చూద్దాం. సీత చిరునామా `p=reject` ఉన్న example.com డొమైన్‌లో ఉంది. ఆమె సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక ఉత్తరం రాసింది. రవి మెయిల్ సర్వరు డీమార్క్‌ను ఖచ్చితంగా పాటిస్తుంది కనుక, ఐదు రోజులూ వాటిని తిప్పికొట్టింది. రవి స్కోరు రోజుకొకటి చొప్పున పెరిగి శుక్రవారానికి 5కు చేరింది, అతనికి డెలివరీ ఆగింది. సీతకు మాత్రం ఏ కబురూ అందలేదు, ఎందుకంటే బౌన్స్ కవరు దారినే వెళ్తుంది. తప్పు ఉత్తరం రూపంలో ఉంటే, శిక్ష దాన్ని అందుకోవలసిన మనిషికి పడింది. ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే: హెచ్చరికను గమనించకపోతే, వారంపాటు లిస్టు మౌనంగా ఉన్నా రవి దాన్ని సహజమనే అనుకుంటాడు.

ఈ జబ్బును గుర్తించడం కష్టం కాదు. మామూలు బౌన్సులు ఒకటీ అరా, వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. డీమార్క్ బౌన్సులైతే ఒకే రచయిత ఉత్తరం వెళ్లిన వెంటనే, అవే కొన్ని మెయిల్ సేవల నుంచి గుంపుగా వస్తాయి. తిరిగొచ్చిన సందేశంలో డీమార్క్ మాట కూడా సాధారణంగా ఉంటుంది. జీమెయిల్ దీనికి `550-5.7.26` కోడ్ వాడుతుంది. రచయిత డొమైన్ విధానం ఏమిటో ఒక్క ఆదేశంతో తెలుసుకోవచ్చు:

```
dig +short TXT _dmarc.yahoo.com
```

మెయిల్‌మ్యాన్ బృందం దీనికి విరుగుడును ముందే మొదలుపెట్టింది. 2013లో వచ్చిన 2.1.16లో `from_is_list` అనే అమరిక ఉండేది. అది లిస్టులోని ప్రతి ఉత్తరం From వరుసనూ మార్చేది. యాహూ నిర్ణయం వెలువడిన నెలలోపే, 2014 మే తొలి వారంలో వచ్చిన 2.1.18 మరింత వివేకంగా ప్రవర్తించింది. రచయిత డొమైన్ రికార్డును డీఎన్‌ఎస్‌లో చూసి, కఠినమైన విధానం ఉంటేనే మార్పు చేసే `dmarc_moderation_action` అందులో వచ్చింది. మెయిల్‌మ్యాన్ 3లో అదే ఆలోచన `dmarc_mitigate_action` పేరుతో కొనసాగుతోంది. అందులో `munge_from` ఎంచుకుంటే సీత ఉత్తరం ఇలా బయలుదేరుతుంది:

```
From: Sita via Garden <garden@lists.example.org>
Reply-To: Sita <sita@example.com>
```

ఇప్పుడు From, కవరు రెండూ లిస్టు డొమైన్‌వే కనుక ఎస్‌పీఎఫ్ పొత్తు కుదురుతుంది. లిస్టు సర్వరు తన డొమైన్ పేర డీకిమ్ సంతకం కూడా చేస్తే, ఒకటి దెబ్బతిన్నా మరొకటి నిలుస్తుంది. అయితే లిస్టు డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ లేకుండా పేరు మాత్రమే మార్చితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఈ విరుగుడుకు ఒక మూల్యం ఉంది. చిరునామాల పుస్తకం సీతను గుర్తుపట్టదు, రచయితను బట్టి ఉత్తరాలను వేరుచేసే ఫిల్టర్లు తప్పుతాయి. జవాబులు లిస్టుకే వెళ్లేలా అమర్చిన చోట సీత చిరునామా Cc వరుసలోకి వెళ్తుంది. సొంతంగా ఆమెకు రాయాలనుకునేవారు అక్కడ వెతుక్కోవాలి. `wrap_message` ఎంచుకుంటే అసలు ఉత్తరం చెక్కుచెదరకుండా అటాచ్‌మెంటుగా వెళ్తుంది; కానీ చిన్న తెరల మీద దాన్ని తెరవడమే ఇబ్బంది, కాబట్టి మామూలు లిస్టుకు నేను దాన్ని సూచించను. సబ్జెక్టు, ఫుటర్ చేర్పులు పూర్తిగా మానేయడం మరో దారి. అప్పుడు రచయిత డీకిమ్ సంతకం బతికే అవకాశం ఉంటుంది, అయితే సంతకమే లేని ఉత్తరాలకు అది పనికిరాదు. 2019 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 8617గా వచ్చిన ఆర్క్, లిస్టు దగ్గరికి వచ్చినప్పుడు ఉత్తరం పరీక్షలో నిలిచిందన్న సాక్ష్యాన్ని మోసుకుపోతుంది. దాన్ని నమ్మాలో వద్దో తీర్పు చెప్పేది మాత్రం అందుకునే సర్వరే కనుక From మార్పును ఇప్పుడే వదిలేయలేం.

వీటికి తోడు, డిఫాల్టుగా ఆపి ఉండే ప్రోబ్ అమరికను ఆన్ చేయడం మేలు, మెయిల్‌మ్యాన్ 2.1లో అది `VERP_PROBES`, 3లో `verp_probes`. స్కోరు పరిమితికి చేరగానే వెంటనే డెలివరీ ఆపకుండా, లిస్టు తన సొంత పేరుతో ఒక పరీక్ష ఉత్తరం పంపుతుంది. అదీ తిరిగొస్తేనే సభ్యుడిని ఆపుతుంది. రవి పెట్టె బాగానే ఉంది కనుక ఆ ఉత్తరం చేరి, అతని చందా నిలిచేది. కానీ ఈ అమరికలేవీ అప్పటికే ఆగిపోయినవారిని తిరిగి చేర్చవు. మెయిల్‌మ్యాన్ 2.1 సభ్యుల పట్టికలో వారి పేర్ల పక్కన nomail కింద `[B]` గుర్తు ఉంటుంది. అటువంటి పేర్లను ఒక్కొక్కటిగా చూసి, ఆ తేదీల బౌన్స్ లాగ్‌తో సరిచూసి, నిజంగా మూతపడిన పెట్టెలు కావని తేలినవారికి టిక్కు తీసి డెలివరీ మళ్లీ ఇవ్వాల్సింది నిర్వాహకుడే.