అపోహలు - వాస్తవాలు: బోరు నీళ్లకు ఫ్రంట్ లోడ్ పనికిరాదా?

అపోహ: బోరు నీళ్లుంటే టాప్ లోడే కొనాలి, ఫ్రంట్ లోడ్ పాడైపోతుంది.

వాషింగ్ మెషీన్లు రిపేరు చేయడం నా పని. నిజాంపేట, మియాపూర్ వైపు చాలా ఇళ్లలో ఈ మాట వింటాను. ఇందులో సగమే నిజం.

గట్టి నీళ్లలోని సున్నం ఎక్కువగా పేరుకునేది నీళ్లు వేడెక్కే చోట, అంటే హీటర్ మీద. ఫ్రంట్ లోడ్‌లో హీటర్ ఉంటుంది, చాలా టాప్ లోడ్లలో ఉండదు. అపోహ అక్కడే పుట్టింది. మియాపూర్‌లో నలుగురున్న ఒక ఇంట్లో రోజూ 60 డిగ్రీలు పెట్టి ఉతికేవారు. గంటన్నరలో అయ్యే వాష్ రెండున్నర గంటలు పట్టసాగింది, తర్వాత ఎంసీబీ పడిపోయేది. హీటర్ బయటికి లాగితే చుట్టూ తెల్లటి పెచ్చు, ఒకచోట చీలిక. కొత్త హీటర్ వేసి, రోజువారీ బట్టలు చల్లనీళ్లలో, దుప్పట్లు, తువ్వాళ్లు మాత్రం వారానికోసారి 60లో ఉతకమన్నాను. నెలకోసారి బట్టలు, సబ్బు లేకుండా డీస్కేలింగ్ పౌడర్ వేసి వేడినీళ్ల ప్రోగ్రామ్ నడపాలి. నీళ్ల పైపు మెషీన్‌కు కలిసే చోట ఉన్న జాలీ కూడా అప్పుడే కడగాలి. ఇంత చేస్తే చాలు.

టాప్ లోడ్‌ను సున్నం వదిలేస్తుందని కాదు. అది ఫ్రంట్ లోడ్ కన్నా దాదాపు రెట్టింపు నీళ్లు తీసుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే సున్నమూ ఎక్కువే, దాన్ని తట్టుకోవడానికే సబ్బు ఖర్చైపోతుంది. బట్టలు బిరుసెక్కి, తెల్లవి మాసినట్టు కనిపిస్తాయి. డ్రమ్ము వెనకవైపు సబ్బు, సున్నం కలిసి గడ్డకట్టి, పొట్టులా బట్టలకు అంటుకుంటాయి. అది పైకి కనిపించదు కాబట్టి మెషీన్ బాగానే ఉందనుకుంటారు.

అపోహ: స్థలం తక్కువైతే టాప్ లోడే సరిపోతుంది.

టేపు పట్టుకుని కొలవండి. పైన చెప్పిన మియాపూర్ ఇంటి వాష్ ఏరియా లోతు 120 సెంటీమీటర్లు. ఫ్రంట్ లోడ్‌కు 55, వెనక పైపులకు 10, తలుపు తెరవడానికి 50, మొత్తం 115. ఇరుకే, కానీ పట్టింది. మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి బట్టలు తీసుకుంటారు. అక్కడ టాప్ లోడ్ పెడితే మూత పైకి లేవాలి, మెషీన్ పైన సబ్బుల అర ఉంది, అది తీసేయాల్సిందే. ఫ్రంట్ లోడ్ పైన ఆ అర అలాగే ఉండిపోయింది.

మీ వాష్ ఏరియా లోతు 110 లోపు ఉండి, పైన ఖాళీగా ఉంటే మాత్రం నేనూ టాప్ లోడే చెబుతాను, హీటర్ లేనిది.

అపోహ: టీడీఎస్ మీటర్ చూస్తే నీళ్లు ఎంత గట్టివో తెలుస్తుంది.

అది కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. హార్డ్‌నెస్ కిట్‌తో చూడండి. తాగునీటి గట్టిదనానికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పే హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనప్పుడు 600 వరకు. మీ బోరు 600 దాటితే ఏ మెషీన్ కొన్నా, ముందు నీళ్లకు సాఫ్ట్‌నర్ పెట్టించండి.