నడవా బొమ్మలో స్తంభాలు ఎక్కడ తప్పుతాయి: వన్-పాయింట్ పర్‌స్పెక్టివ్‌పై అపోహలు - వాస్తవాలు

డ్రాయింగ్ నేర్పేవాళ్లం తరచూ ఇచ్చే అభ్యాసం ఒకటుంది: పొడవైన నడవా గానీ సందు గానీ తీసుకుని, ఒకే వ్యానిషింగ్ పాయింట్‌తో, అంటే దూరానికి పోయే గీతలన్నీ కలిసినట్టు కనిపించే ఒకే చుక్కతో గీయడం. నేను ఎక్కువగా రామేశ్వరం గుడి బయటి ప్రాకారంలోని నడవా గీయమంటాను. మన వాళ్లలో చాలామంది చూసిన చోటు. రెండు వైపులా అరుగుల మీద వరుసగా స్తంభాలు, పైకప్పుకు రంగుల చిత్రాలు. గీతలు సూటిగా వచ్చినా స్తంభాల వరుస దగ్గర బొమ్మ పాడవుతుంది. కారణం చేయి తిరగకపోవడం కాదు, కొన్ని అపోహలు.

అపోహ: వెనక్కి వెళ్లే కొద్దీ స్తంభాలు ఒకే నిష్పత్తిలో చిన్నవవుతాయి.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే, చాలా పాతది కూడా. ఇటలీలో ఆల్బెర్తి 1435లో చిత్రకళపై రాసిన పుస్తకంలోనే, ఒక్కో దూరాన్ని ముందు దానిలో మూడింట రెండు వంతులుగా తగ్గించుకుంటూ పోయే పద్ధతి తప్పని చెప్పాడు.

లెక్క వేసి చూద్దాం. ఇవి గుడి కొలతలు కావు, అభ్యాసానికి వీలుగా నేను పెట్టుకున్నవి. స్తంభం ఎత్తు 15 అడుగులు. మొదటిది మనకు 20 అడుగుల దూరంలో ఉంది, తర్వాత ప్రతి 10 అడుగులకూ ఒకటి. మొదటి స్తంభాన్ని కాగితం మీద 12 సెం.మీ. గీశాం అనుకోండి. దూరం ఎన్ని రెట్లు పెరిగితే కనిపించే ఎత్తు అన్నో వంతుకు తగ్గుతుంది. కాబట్టి వరుసగా 12, 8, 6, 4.8, 4 సెం.మీ. వస్తాయి. మొదటి రెండింటి మధ్య నిష్పత్తి మూడింట రెండు వంతులే. కానీ తర్వాత అది నాలుగింట మూడు, ఐదింట నాలుగు... ఇలా మారుతూ పోతుంది.

అదే నిష్పత్తిని పట్టుకుని లాగితే ఐదో స్తంభం 2.4 సెం.మీ.కే పడిపోతుంది. అంటే 60 అడుగుల దూరంలో ఉండాల్సింది నూరడుగుల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లకు స్తంభాల మధ్య ఖాళీలు లోపలికి పోయే కొద్దీ సాగినట్టు అనిపిస్తుంది. ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో చెప్పలేరు.

లెక్కలు వద్దనుకుంటే స్కేలు చాలు. మొదటి రెండు స్తంభాలూ గీసి, వాటి పై కొసలను కలుపుతూ ఒక గీత, కింది కొసలను కలుపుతూ ఒక గీత వ్యానిషింగ్ పాయింట్ వరకు లాగండి. రెండో స్తంభం నడిమధ్యలో చుక్క పెట్టండి. మొదటి స్తంభం పై కొస నుంచి ఆ చుక్క మీదుగా గీత గీస్తే, అది కింది గీతను తాకిన చోటే మూడో స్తంభం పాదం. అలాగే రెండో దాని నుంచి మూడో దాని మధ్య మీదుగా వెళ్తే నాలుగోది దొరుకుతుంది. పైన 12, 8 గీసినవాళ్లకు మూడోది సరిగ్గా 6 రావాలి. రాకపోతే చుక్క మధ్యలో పడలేదన్నమాట.

అపోహ: వ్యానిషింగ్ పాయింట్ కాగితం మధ్యలోనే ఉండాలి.

అది ఉండాల్సింది మీ కంటి ఎత్తులో, మీరు సూటిగా చూస్తున్న చోట. నిలబడి చూస్తే కంటి ఎత్తు సుమారు 5 అడుగులు. కాబట్టి కంటి ఎత్తులో అడ్డంగా పోయే గీత, అంటే హొరైజన్ లైన్, 15 అడుగుల స్తంభంలో కింది నుంచి మూడో వంతు దగ్గర పోవాలి. ఒక్క మొదటి స్తంభంలోనే కాదు, అన్నిటిలోనూ. తప్పు పట్టడానికి నేను ముందు చూసేది ఇదే. ఆ గీత ఒక స్తంభాన్ని మూడో వంతులో, ఇంకోదాన్ని సగంలో కోస్తే ఏదో ఒక పాదం జారినట్టే. నేల మీద కూర్చుని గీస్తే గీత ఇంకా కిందికి దిగుతుంది, నడవా మరింత ఎత్తుగా కనిపిస్తుంది. ఒక గోడకు దగ్గరగా నిలబడితే పాయింట్ ఆ వైపుకు జరుగుతుంది. నాకైతే అలా జరిపిన బొమ్మలే నచ్చుతాయి. ఒక వరుస స్తంభాలు విశాలంగా తెరుచుకుంటాయి, ఇంకోటి దగ్గరగా ముడుచుకుంటుంది.

అపోహ: కనిపించే స్తంభాలన్నీ గీయాలి.

రామేశ్వరం స్తంభాలు వెయ్యికి పైనే, అన్నీ గీయడం ఎవరి వల్లా కాదు. మన లెక్కలోనే, స్తంభాల వరుస మన చూపు దారికి 6 అడుగులు పక్కన ఉంటే, తొమ్మిదో స్తంభం దాటాక ఖాళీ ఒక మిల్లీమీటరుకు కూడా రాదు. పెన్సిల్ మొన అక్కడ పట్టదు. విడివిడిగా గీస్తే నల్లటి ముద్దే మిగులుతుంది. అక్కడి నుంచి ఒకే షేడ్ వేసి వదిలేయండి.

అపోహ: గీతలన్నీ ఆ చుక్కకే పోవాలి.

మీ చూపు దిశలో సాగే గీతలే అక్కడికి పోతాయి: అరుగు అంచులు, నడవా పొడవునా సాగే దూలాలు. స్తంభాలు నిలువుగానే ఉంటాయి. నడవాకు అడ్డంగా పోయే పైకప్పు దూలాలు అడ్డంగానే ఉంటాయి.

నడవా బదులు ఎత్తెక్కే సందును ఎంచుకున్నవాళ్లకు ఇక్కడే పెద్ద తికమక. ఇళ్ల గుమ్మాలు, కిటికీలు సమతలంగా కట్టినవి కాబట్టి వాటి గీతలు హొరైజన్ మీది పాయింట్‌కే వెళ్తాయి. కానీ రోడ్డు అంచులు ఆ పాయింట్‌కు నిట్టనిలువుగా పైనున్న మరో పాయింట్‌కు పోతాయి. దిగే సందయితే ఆ రెండోది హొరైజన్‌కు కింద ఉంటుంది. రెండింటినీ ఒకే చుక్కకు లాగితే మిట్ట కాస్తా చదునైపోతుంది.