ఎంపీ4 చేయగానే నల్లబడే లోగో: ఆల్ఫా చానల్ వెనక కథ

లోగో యానిమేషన్‌కి బ్యాక్‌గ్రౌండ్ తీసేసి ఎంపీ4గా రెండర్ చేస్తే, వీడియో మీద పెట్టగానే చుట్టూ నల్లటి పెట్టె కనిపిస్తుంది. యానిమేషన్‌లో లోపమేమీ ఉండదు. మామూలు ఎంపీ4లో వీడియోని కుదించే హెచ్.264 కోడెక్ రంగులను మాత్రమే దాచి, పారదర్శకతను వదిలేసింది.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లకు తోడుగా ఒక్కో పిక్సెల్ ఎంత కనబడాలో చెప్పే నాలుగో చానల్ ఆల్ఫా. దాన్ని 1970ల చివర్లో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రూపొందించారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చే లెక్కను స్థిరపరిచారు. రంగును ముందే ఆల్ఫాతో గుణించి దాచుకుంటే ఆ లెక్క తేలికవుతుందని చూపించారు. దాన్నే ప్రీమల్టిప్లైడ్ అంటారు. గుణించకుండా ఉంచితే స్ట్రెయిట్.

ఈ రెండిటినీ కలగలిపితే అంచులు పాడవుతాయి. తెల్లని అక్షరం అంచులో సగం పారదర్శకమైన పిక్సెల్ తీసుకోండి. స్ట్రెయిట్‌లో దాని విలువ 255, ప్రీమల్టిప్లైడ్‌లో సుమారు 128. ఆ 128ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ స్ట్రెయిట్ అనుకుంటే మళ్లీ సగం చేసి 64 తీసుకుంటుంది. తెల్లటి నేపథ్యం నుంచి వచ్చే సగంతో కలిపితే 255 రావాల్సిన చోట సుమారు 191 వస్తుంది. అక్షరాల చుట్టూ బూడిదరంగు గీత కనిపిస్తే ముందు చూడాల్సింది ఫైల్‌ని ఆ సాఫ్ట్‌వేర్ ఎలా చదువుతోందనే సెట్టింగ్‌నే. మళ్లీ రెండర్ చేయక్కర్లేదు.

నిజానికి హెచ్.264 ప్రమాణంలో ఆల్ఫాకి చోటు ఉంది. ప్లేయర్లు, ఫోన్లు దాన్ని పట్టించుకోలేదు, అంతే. అందుకే ఎడిటర్లు చాలాకాలం క్విక్‌టైమ్ యానిమేషన్ కోడెక్‌తో నెట్టుకొచ్చారు. నాణ్యత చెక్కుచెదరదు కానీ, గ్రేడియెంట్లు ఉంటే ఫైల్ విపరీతంగా పెరిగేది. 2009లో ఆపిల్ ప్రోరెస్ 4444 వచ్చాక ఎడిటింగ్‌లో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. నా లెక్కలో ఇప్పటికీ మాస్టర్ ఫైల్‌కి అదే సరైనది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్‌లైన్ టూల్‌తో పీఎన్‌జీ సీక్వెన్స్ నుంచి ఇలా చేయొచ్చు:

```
ffmpeg -framerate 30 -i logo_%04d.png -c:v prores_ks -profile:v 4444 -pix_fmt yuva444p10le logo.mov
```

`yuva444p10le`లో `a` అక్షరం ముఖ్యం. `yuv444p10le` అని రాస్తే ఆల్ఫా పోతుంది.

ప్రోరెస్ వెబ్‌కి మరీ బరువు. 2013లో గూగుల్ క్రోమ్‌లో వెబ్‌ఎం అనే వెబ్ వీడియో ఫార్మాట్‌కి ఆల్ఫా వచ్చింది. ఇందులో ఆల్ఫాని అసలు వీడియో పక్కన రెండో వీడియోలా దాస్తారు. దాన్ని చదవని ప్లేయర్ ఎర్రర్ చూపదు, పారదర్శకత లేకుండానే ఆడించేస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా ఇంతే: వెబ్‌ఎంలో వాడే వీపీ9 కోడెక్ ఫైల్ చదివేటప్పుడు `-i` ముందు `-c:v libvpx-vp9` అని రాయకపోతే ఆల్ఫా రాకపోవచ్చు. ఆపిల్ వేరే దారి పట్టి, 2019లో హెచ్.264 తర్వాతి తరం కోడెక్ హెచ్‌ఈవీసీకి ఆల్ఫా జోడించింది. అందువల్ల వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లు ఒకే యానిమేషన్‌ని క్రోమ్ కోసం వెబ్‌ఎంగా, సఫారీ కోసం హెచ్‌ఈవీసీగా రెండుసార్లు రెండర్ చేస్తున్నారు.