ప్లేట్లు పెంచితే చాలదు: పారలల్ ఫ్లో, కౌంటర్ ఫ్లో గురించి అపోహలు - వాస్తవాలు

చెన్నై చుట్టుపక్కల డెయిరీల్లో పాశ్చరైజర్లు బిగించడం, సర్వీస్ చేయడం నా పని. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి డిప్లొమా చేసి ఇక్కడికి వచ్చే కుర్రాళ్లలో హీట్ ఎక్స్‌ఛేంజర్ గురించి కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. అందుకే ఒకే యంత్రాన్ని తీసుకుని చెబుతాను.

పాశ్చరైజర్‌లో రీజనరేషన్ సెక్షన్ ఉంటుంది. పల్చటి స్టీలు ప్లేట్లకు ఒకవైపు 4 డిగ్రీల పచ్చిపాలు పోతాయి. రెండోవైపు, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉండి వచ్చిన వేడిపాలు పోతాయి. పాలు కలవవు, వేడి మాత్రం ప్లేటు దాటి వెళ్తుంది. రెండువైపులా పోయే పాలు ఒకే పరిమాణం కాబట్టి ఒకవైపు ఎన్ని డిగ్రీలు తగ్గితే రెండోవైపు దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది.

అపోహ: చల్లగా లోపలికి వచ్చిన పాలు, వేడిగా వచ్చిన పాలు చల్లారి బయటికి పోయే టెంపరేచర్ కంటే ఎక్కువ వేడితో బయటికి పోవడం అసాధ్యం.

వాస్తవం: మంచి రీజనరేషన్‌లో రోజూ జరిగేది అదే. పచ్చిపాలు సుమారు 65 డిగ్రీలకు చేరి బయటికి వస్తాయి, వేడిపాలు 11కి దిగి వస్తాయి. ఇందులో ప్రకృతి నియమం ఏదీ తప్పడం లేదు. వేడి ఒక ప్లేటుకు అటూ ఇటూ ఉన్న పాల మధ్య మారుతుంది, రెండు అవుట్‌లెట్ల మధ్య కాదు. కౌంటర్ ఫ్లోలో పాలు ఎదురెదురుగా పోతాయి కాబట్టి, 65కి చేరిన పచ్చిపాలకు పక్కనే అప్పుడే లోపలికి వచ్చిన 72 డిగ్రీల పాలుంటాయి. రెండో చివర 4 డిగ్రీల పాల పక్కన 11 డిగ్రీల పాలుంటాయి. ఎక్కడ చూసినా తేడా సుమారు 7 డిగ్రీలే, కానీ ఆ తేడా ఎక్కడా చచ్చిపోదు.

అపోహ: పారలల్ ఫ్లోలో మొదట్లోనే 68 డిగ్రీల తేడా ఉంటుంది కదా, ప్లేట్లు ఇంకొన్ని పెంచితే అదే పని అవుతుంది.

వాస్తవం: కాదు. నేను అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోబెట్టి చెప్పేది దీని గురించే. మొదట్లో 68 డిగ్రీల తేడా ఉన్నమాట నిజం, అక్కడ వేడి జోరుగానే మారుతుంది. కానీ రెండు పాలూ ఒకే దిక్కుకు పోతున్నాయి కాబట్టి ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది, రెండూ 38 దగ్గర కలుసుకుంటాయి. ఆ తర్వాత తేడా లేదు, తేడా లేకపోతే వేడి కదలదు. కౌంటర్ ఫ్లోలో 90 శాతం వేడి వెనక్కి తెచ్చే ప్లేట్లలో మూడో వంతు పెట్టినా పారలల్ ఫ్లో 38కి చేరిపోతుంది. మిగతా ప్లేట్లు ఊరికే ఉంటాయి. అదే మూడో వంతు ప్లేట్లు కౌంటర్‌లో అయితే పచ్చిపాలను 55 దాకా తీసుకెళ్తాయి.

గంటకు 5,000 లీటర్ల ప్లాంటు అనుకుందాం. కౌంటర్ ఫ్లోలో పచ్చిపాలను 65 నుంచి 72కి తేవడానికి వేడినీళ్ల వైపు నుంచి సుమారు 38 కిలోవాట్లు చాలు. పారలల్‌లో 38 నుంచి 72కి తేవాలి, అంటే దాదాపు 190 కిలోవాట్లు. అవతల 11 డిగ్రీల పాలను 4కి దించాల్సిన చిల్లర్, 38 డిగ్రీల పాలను దించాలి. చెన్నై ఎండల్లో చిల్లర్‌కు ఉన్న కష్టం చాలదా, ఇది అయిదు రెట్ల భారం.

అపోహ: ఎక్కడైనా సరే కౌంటర్ ఫ్లోనే మంచిది.

వాస్తవం: ఒకవైపు ఆవిరి నీరుగా మారుతూ ఉంటే ఆవైపు టెంపరేచర్ మారదు, కాబట్టి ఏ దిక్కు పెట్టినా లెక్క ఒక్కటే. గోడ మరీ వేడెక్కకూడదు అనుకున్న చోట పారలల్ కావాలనే పెడతారు, ఎందుకంటే వేడిది అన్నిటికంటే వేడిగా ఉన్న చోటే చల్లనిది అన్నిటికంటే చల్లగా ఉంటుంది.

అపోహ: టెంపరేచర్ రావట్లేదంటే ప్లేట్లకు మడ్డి పట్టినట్టే.

వాస్తవం: ముందు నాలుగు టెంపరేచర్లు రాసుకోండి, రెండు ఇన్‌లెట్లు, రెండు అవుట్‌లెట్లు. ఒక చిన్న డెయిరీలో పైపులైను మార్చిన మర్నాడే పాలు 72 అందుకోలేక, డైవర్షన్ వాల్వ్ మాటిమాటికీ వెనక్కి తిప్పేస్తోందని పిలిచారు. అంతకుముందు రెండుసార్లు సీఐపీ, అంటే ప్లేట్లు విప్పకుండానే లోపల కడగడం, కూడా చేశారు. రెండు అవుట్‌లెట్లూ దాదాపు ఒకే టెంపరేచర్‌లో ఉన్నాయి, అదీ ఇన్‌లెట్లకు సరిగ్గా మధ్యలో. ప్రెషర్ డ్రాప్ ఎప్పటిలాగే ఉంది. ఒకవైపు ఇన్‌లెట్, అవుట్‌లెట్ తారుమారు అయ్యాయి.

మడ్డి బాగా పట్టినా అవుట్‌లెట్లు ఇలా దగ్గరపడవచ్చు, కాబట్టి ఆ ఒక్క గుర్తుతో తేల్చేయకండి. మడ్డి అయితే రోజురోజుకూ కొద్దికొద్దిగా దిగజారుతుంది, ప్రెషర్ డ్రాప్ పెరుగుతుంది, శుభ్రం చేస్తే కొంతైనా తేరుకుంటుంది. ఒక్కరోజులో, అదీ పైపులు విప్పి బిగించాక, ప్రెషర్ మారకుండా వచ్చిందంటే ప్లేట్లు విప్పే ముందు నాజిల్ కనెక్షన్లు డ్రాయింగ్‌తో సరిచూడండి.