నల్లగా పడిన కుంకుమ

1950ల తొలినాళ్లలో తిరుపతిలోని ఒక స్టూడియోలో తీయించుకున్న మా కుటుంబపు ఫొటోలో తాత కుర్చీలో కూర్చుని ఉంటారు, అవ్వ పక్కన నిలబడి ఉంటుంది. దానికి రంగులు వేద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నన్ను మొదట ఆపింది అవ్వ బొట్టు. కుంకుమ బొట్టు ఆమె జుట్టంత నల్లగా ఉంది. తాత నామంలో నడిమి శ్రీచూర్ణం గీతా అంతే నలుపు. కొందరు పసుపు శ్రీచూర్ణం పెట్టుకుంటారు కాబట్టి నామాన్ని ఒక్కదాన్నే నమ్మలేము గానీ, కుంకుమ ఎరుపన్న సంగతిలో సందేహం లేదు. ఎరుపు ఇంత నల్లగా పడిందంటే ఆ ఫిల్ముకు ఎరుపు కనబడలేదన్నమాట.

ఫిల్ము మీద పూసే వెండి లవణాలకు సహజంగా తెలిసేది నీలం, ఊదా కాంతులే. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త కొన్ని రంజనాలు కలిపితే ఆ లవణాలకు ఆకుపచ్చ కూడా తెలుస్తుందని కనుగొన్నాడు. అలా తయారైనవే ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు, అంటే ఎరుపు మాత్రం తెలియని గాజు పలకలు. ఎరుపుతో సహా అన్ని రంగులూ గ్రహించే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వచ్చాక కూడా స్టూడియోలు పాతవాటిని చాలాకాలం వదల్లేదు, ఎందుకంటే ఎర్రదీపం వెలుగులో ప్లేటును కళ్లారా చూస్తూ కడగవచ్చు. అలాంటి ఫొటోలో ఎరుపు నలుపవుతుంది, లేతనీలం దాదాపు తెలుపవుతుంది, ఒంటి రంగు ఉన్నదానికన్నా ముదురుగా పడుతుంది.

ఇది తెలియకపోతే రంగులు వేసే మామూలు పద్ధతి దెబ్బతింటుంది. సాధారణంగా ఫొటో మీద వేరే పొర పెట్టి, దాన్ని ఫొటోలు దిద్దే GIMP సాఫ్ట్‌వేరులోని LCh Color వంటి పద్ధతిలో కలుపుతాము. వెలుగునీడలు కింది ఫొటోవి, రంగు మాత్రం పై పొరది. కాని కింద ఉన్న వెలుగే తప్పయినప్పుడు పైన ఎంత మంచి ఎరుపు వేసినా బొగ్గుకు ఎర్రసిరా పూసినట్టుంటుంది. సున్నాను నలుపుగా, 255ను తెలుపుగా లెక్కిస్తే, అవ్వ చీర అంచు 32 దగ్గర, బొట్టు 30 దగ్గర ఉన్నాయి. మన కంటికి ముదురు కుంకుమరంగు ఇంచుమించు 65 దగ్గర ఉండాలి. అందుకని ముందు బొట్టును, అంచును మాత్రమే విడిగా ఎంచుకుని వెలుగు పెంచి, ఆ తరువాతే రంగు వేశాను. ఇంకా పెంచితే అంచు నిండా గరుకు చుక్కలు లేస్తాయి, ఎందుకంటే ప్లేటు పట్టని నేత వివరం అక్కడ ఎలాగూ లేదు.

అంచు ఎరుపేనని ఎలా చెప్పగలను? ఇంట్లో ఉన్న ఎర్రంచు చీర, ఆకుపచ్చ గుడ్డ, కుంకుమ భరిణె, పసుపుకొమ్ము పక్కపక్కన పెట్టి కిటికీ వెలుగులో ఫోనుతో ఫొటో తీశాను. దాన్ని GIMPలో ఫొటోను నలుపు తెలుపుగా మార్చే Mono Mixerలో ఎరుపును సున్నా చేసి, ఆకుపచ్చ, నీలం సగం సగం ఉంచి చూస్తే కుంకుమా, ఎర్రంచూ ఒకేలా నల్లబడ్డాయి, పచ్చగుడ్డ మధ్యరకపు బూడిదగా నిలిచింది. ఇది అసలు ప్లేటుకు నకలు కాదు, దగ్గరి పోలిక మాత్రమే. నల్లంచు కూడా ఇలాగే పడుతుంది కనుక చివరి మాట ఇంట్లోవాళ్లదే.

ముఖాల దగ్గర ఇంకో చిక్కుంది. ప్లేటు ఒంటి రంగును ముదురు చేస్తే, స్టూడియోవాళ్లు నెగటివు మీద పెన్సిలుతో సరిదిద్ది ముఖాన్ని తేటపరిచేవారు. రెండూ కలిసిన ముఖంలో అసలు చాయ వెతకడం వృథా. అవ్వది చామనచాయ అని అందరూ అంటారు. ఆమె పోలికే వచ్చిన మా చెల్లెలిని అదే కిటికీ దగ్గర ఫొటో తీసి రంగులు తీసుకున్నాను. ముఖమంతా ఒకే గోధుమరంగు పరిస్తే మట్టిబొమ్మలా ఉంటుంది, తమంతట తామే రంగులు వేసే సాఫ్ట్‌వేర్లు చేసే తప్పూ ఎక్కువగా ఇదే. చర్మం కింద రక్తం ఎక్కువగా కనబడే చెవులు, ముక్కు కొస, చెంపలు కాస్త ఎర్రగా, నుదురు కాస్త పసుపుగా, తాత గీయించుకున్న గడ్డం చోటు కొంచెం నీలి బూడిదగా ఉండాలి. జుట్టు సులువు. నీడలో కొద్దిపాటి గోధుమరంగు చాలు. కొబ్బరినూనె మెరుపును ముట్టుకోకూడదు, అది వెంట్రుక రంగు కాదు, వెలుగు రంగు.

పూర్తయ్యాక పిన్నికి చూపించాను. అంచు చూసి తలూపింది. రవికకు నేను అంచుతో జత కుదురుతుందని ఎరుపే వేశాను. "రవిక ఆకుపచ్చది కదరా, నాకు బాగా గుర్తు" అన్నది. ఫొటోలో రవిక విలువ 110. ఎరుపైతే అంచులాగే 30 దగ్గర పడి ఉండాలి. నా పచ్చగుడ్డ ఇచ్చిన బూడిద కూడా దాదాపు అంతే. కొలత ముందునుంచీ కళ్లెదుటే ఉంది, నేనే చూడలేదు. ఆ పొర చెరిపి ఆకుపచ్చ వేశాను.